చెల్లుబాటు: రాజమండ్రి

మా అమ్మాయికి విశాఖపట్నం కాలేజీలో సీటొచ్చింది. ఫీజు 52,000, డీడీ తీసుకురమ్మన్నారు. నేను నగదు సంచిలో వేసుకుని రాజమండ్రిలో మా బ్యాంకుకు వెళ్లాను.

కౌంటర్లో ఆవిడ సంచి వంక చూసి, "యాభై వేలు, ఆపైన నగదుకు డీడీ ఇవ్వకూడదండీ. ముందు ఖాతాలో వెయ్యండి" అంది. వేశాను. ఫారం ఇచ్చింది. అందులో డీడీకి ఓ గడి, బ్యాంకర్స్ చెక్కుకు ఓ గడి.

చెక్కంటే ఎప్పుడూ వాడేదే, పైగా బ్యాంకువాళ్లదట, ఇంకేం కావాలి? రెండో గడిలో టిక్కు పెట్టాను. ప్రిన్సిపాల్ పేరు గుండ్రంగా రాశాను. కాగితం చేతికొచ్చింది.

మర్నాడు వైజాగ్‌లో కాలేజీ గుమాస్తా దాన్ని దీపానికి ఎత్తి చూసి, "ఇది మీ ఊరి కాగితమండీ" అన్నాడు.

"బ్యాంకుదేనండీ, బౌన్స్ కాదు."

"కాదు సరే. బ్యాంకర్స్ చెక్కు అదే ఊళ్లో చెల్లింపులకు. డీడీ అయితే ఒక బ్రాంచి ఇంకో ఊరి బ్రాంచిమీద రాసిస్తుంది. మాకు విశాఖపట్నంలో చెల్లేది కావాలి."

"ఇప్పుడు క్లియరింగుకు చెక్కుల బొమ్మలే కదా వెళ్తాయి, ఊరుతో పనేంటి?"

"మీరన్నది నిజమే. కానీ ప్రాస్పెక్టస్‌లో డీడీ అని ఉంది" అన్నాడు. ఆ వాక్యంతో వాదించి గెలిచినవాడు ఇంతవరకు పుట్టలేదు.

"పోనీ పే ఆర్డర్ తేనా?" అన్నాను, తెలివిగా. ఆయన జాలిగా చూశాడు. అది బ్యాంకర్స్ చెక్కుకే మరో పేరట.

తిరిగి రాజమండ్రి. అసలు కాగితం వెనక్కిచ్చి, రద్దు చేయమని అర్జీ రాసి, ఛార్జీ పోను మిగిలింది ఖాతాలో వేయించుకున్నాను. అసలు కాగితం పోగొట్టుకుని ఉంటే పూచీ పత్రం రాసివ్వాల్సి వచ్చేదట. రైల్లో పల్లీలు పొట్లం కట్టకపోవడం నా అదృష్టం.

ఈసారి డీడీ గడిలో టిక్కు పెట్టాను. "ఎక్కడ చెల్లాలి" అన్నచోట, డబ్బు కట్టేది ఇక్కడే కదా అని "రాజమండ్రి" అని రాశాను. ఆవిడ ఫారం వెనక్కి తోసింది.

"డబ్బు తీసుకునేవాళ్లు ఎక్కడున్నారండీ?"

దిద్దాను. ఆవిడ మూడు నెలల్లోపు వాడమంది. నేను మూడు గంటల్లో బస్సెక్కాను.

గుమాస్తా డీడీ తిప్పి చూసి, నా పేరు మీద వేలు పెట్టాడు. "ఈయనెవరు? అమ్మాయి పేరు కాదే?"

"కొన్నవాడి పేరండీ, 2018 నుంచి డీడీ ముందుపక్కే వేస్తున్నారు" అన్నాను, మొదటిసారి ఛాతీ విరిచి.

"తెలుసు లెండి. వెనకాల అమ్మాయి పేరు, అప్లికేషన్ నంబరు రాయండి."

పెన్ను ఇంట్లో మర్చిపోయాను.