ఇంట్లో చంటి, జీతం స్లిప్పులో వీర వెంకట సత్యనారాయణ

కోనసీమలో గానీ భీమవరం వైపు గానీ ఒక మనిషి ఇల్లు కనుక్కోవాలంటే ఆధార్‌లో ఉన్న పేరు చెప్తే పనవ్వదండి. వీర వెంకట సత్యనారాయణ గారిల్లు ఏదంటే "ఏ సత్యనారాయణ, ఇంటిపేరేంటి, ఎవరబ్బాయి" అని ఎదురు ప్రశ్నలేస్తారు. అదే చంటిగారిల్లు అంటే సైకిల్ మీదెళ్లే కుర్రాడు కూడా ఆగి చూపిస్తాడు.

దీనికి ముద్దు ఒక్కటే కారణం కాదు. మనవడికి తాతగారి పేరు పెట్టడం మనవైపు అలవాటు, కోడలేమో మామగారి పేరు నోటితో పలక్కూడదు, మరి అల్లరి చేసే కొడుకుని ఎలా పిలవాలి, ఎలా తిట్టాలి? అందుకే చంటి, బుజ్జి, పండు, అబ్బులు. పైగా అన్నవరం స్వామి దయవల్ల సత్యనారాయణలు ఎక్కువ, అన్నదమ్ముల పిల్లలందరికీ ఒకే తాత పేరుంటే పెదబాబు, చినబాబు అనకపోతే ఆ ఇంట్లో పని నడవదు. సత్తిబాబు, సూరిబాబు లాంటివైతే అసలు పేరులోంచే వచ్చాయి కాబట్టి ఆఫీసులో ఎవరైనా పోల్చుకుంటారు. చంటి, పండు అలా కాదు, వాటికీ కాగితం మీద పేరుకీ ఏ సంబంధమూ ఉండదు, అసలు తిప్పలన్నీ వీళ్లకే.

ముద్దుపేరు ఆఫీసులో వాడితే చులకన అని సిటీ హెచ్ఆర్ వాళ్లంటారు గానీ గోదారి జిల్లాల్లో అది సగమే నిజం. ఇక్కడ బుజ్జి పక్కన గారు చేరిందంటే అది పెద్దమనిషి పేరే, అరవయ్యేళ్లాయన్ని బుజ్జిగారూ అంటే ఎవరూ నవ్వరు. ఏలూరు నుంచి గెలిచి మంత్రయిన ఆళ్ల నాని అసలు పేరు కాళీకృష్ణ శ్రీనివాస్ అని ఎంతమందికి గుర్తుంటుంది చెప్పండి. ఎన్నికల రూల్స్‌లో కూడా, పోటీలో ఉన్నవాళ్ల లిస్టు తయారవకముందే రిటర్నింగ్ ఆఫీసర్‌కి రాసిస్తే జనానికి తెలిసిన పేరు వేయించుకునే వీలుంది.

మరి ఎక్కడ తేడా కొడుతుంది? రొయ్యల మేత అమ్మే షాపు ఒకటి ఊహించుకోండి. చంటి కుర్రాడిగా చేరాడు, బస్తాలు లెక్కపెట్టాడు, ఇప్పుడు మేనేజరు, ఏ రైతుకి ఎంత అరువివ్వాలో తేల్చేది ఆయనే. రైతులు చంటిగారూ అంటారు, బానే ఉంది. ఒక రైతు పోయినసారి రొయ్యలు పట్టినప్పటి బాకీ కట్టకుండా మళ్లీ మేత అడిగాడు, పాతది సగమన్నా కట్టండి అప్పుడు చూద్దాం అన్నాడు చంటి. సరిగ్గా అప్పుడే ఓనరుగారు లోపల్నుంచి "ఒరేయ్ చంటీ, టీ చెప్పరా" అని కేకేశారు. ఆయన మనసులో ఏమీ లేదు, చిన్నప్పట్నుంచీ చూసిన ప్రేమే అది, కానీ ఆ రైతు మర్నాటినుంచి అరువు కోసం నేరుగా ఓనరు దగ్గరికే పోతాడు, ఆయన మొహమాటానికి సరే అంటాడు, బాకీ వసూలు మాత్రం మళ్లీ చంటి నెత్తినే. ఇక్కడ తప్పు చంటి అన్న పేరుది కాదు, ముందున్న ఒరేయ్‌ది. కిందవాళ్లూ బయటివాళ్లూ గారు తగిలించి పిలుస్తున్నప్పుడు పైవాడు కూడా కస్టమర్ల ముందు అలాగే పిలిస్తే ముద్దుపేరు ఆఫీసుకి సరిపోయినట్టే, అది కుదరకపోతే సత్యనారాయణగారూ అనడమే మేలు.

ఆడవాళ్ల విషయంలో నేనింకాస్త గట్టిగా ఉంటాను. పాప, అమ్ములు, బేబి లాంటివి ఆఫీసులో ఎక్కువగా మగవాళ్లే చనువుకొద్దీ పిలుస్తారు, ఆవిడ తనంతట తాను అలా పిలవండి అని చెప్తే తప్ప వద్దు.

ఇక కాగితాల సంగతి. షాపు డబ్బులు చంటి నంబరుకి ఫోన్‌పే కొట్టమంటే స్క్రీన్ మీద బ్యాంకులో ఉన్న పేరొస్తుంది, ఈ వీర వెంకట ఎవరో అని రైతు ఆగిపోతాడు, రాంగ్ నంబరేమో అని ఫోన్ చేస్తాడు. పీఎఫ్‌లో ఇంకా కష్టం. తండ్రి పేరు దగ్గర అలవాటుగా అబ్బులు అని రాసిచ్చేస్తారు, ఆధార్‌లోనూ బ్యాంకులోనూ సూర్యనారాయణ అనుంటుంది, డబ్బు తీసుకునేటప్పుడు బయటపడుతుంది, అప్పుడు మళ్లీ దాన్ని దిద్దించుకోవడానికి తిరగాలి. పోనీ ఆధార్‌లోనే మార్చేద్దాం అంటే పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండుసార్లే ఛాన్సు. కాబట్టి చేరిన రోజే ఫారంలో ఆధార్ చూసి అక్షరం తేడా లేకుండా నింపాలి, క్యూఆర్ కోడ్ పక్కన "వి.వి. సత్యనారాయణ (చంటి)" అని చిన్న బోర్డు పెట్టుకోవాలి. దాంతో సగం ఫోన్లు తగ్గుతాయి, ఓనరుగారి నోటిని మాత్రం ఆ బోర్డు ఆపలేదనుకోండి.