పచ్చ టిక్కు ఆయన ఫోన్‌లో పడింది, డబ్బు మన ఖాతాలో పడిందా?

యూపీఐ చెల్లింపుల గురించి మాలాంటి షాపుల వాళ్లకు కొందరు ఇచ్చే సలహా ఇది, దీన్ని ఒక్కో ముక్కగా పరిశీలిద్దాం:

“కస్టమర్ ఫోన్‌లో పచ్చ టిక్కు, మన షాపు పేరు, 12 అంకెల యూటీఆర్ నంబరు, మూడూ కనిపిస్తే డబ్బు పడినట్టే. మెసేజ్ రాలేదంటే మన బ్యాంకు సర్వర్ బిజీ అని అర్థం, దానికి మనిషిని నిలబెట్టి అవమానించొద్దు. స్పీకర్ ఎలాగూ ఉంది, కాసేపట్లో అదే చెబుతుంది. అప్పటికీ రాకపోతే స్క్రీన్‌షాట్ ఫోటో తీసి పెట్టుకోండి, బ్యాంకు వాళ్లే ఇప్పిస్తారు.”

ముందు టిక్కు సంగతి చూద్దాం. యూపీఐలో డబ్బు కదిలే దారిలో నాలుగు మజిలీలు ఉన్నాయి: కట్టేవారి యాప్, వారి బ్యాంకు, మధ్యలో యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ స్విచ్, చివర మన బ్యాంకు. మొదట కట్టేవారి ఖాతాలో కోత పడుతుంది, ఆ తర్వాత మన బ్యాంకుకు జమ చేయమని ఆదేశం వెళ్తుంది, జమ చేశామన్న జవాబు అదే దారిలో వెనక్కి వస్తుంది. పచ్చ టిక్కు ఈ దారికి ఆ కొసన, కట్టేవారి ఫోన్‌లోని యాప్ గీసే బొమ్మ. అసలు యాప్ అయితే ఆ బొమ్మ వెనుక నిజమైన లావాదేవీ ఉంటుంది. నకిలీ యాప్ అయితే పేరు, మొత్తం టైపు చేయగానే అదే రంగులో, అదే చప్పుడుతో, అదే టిక్కు గీస్తుంది. “హిస్టరీ తెరిచి చూపించండి” అని అడిగితే బయటపడుతుందని కొందరు చెబుతారు కానీ, నకిలీ యాప్ హిస్టరీ పేజీని కూడా గీయగలదు. ఆ ఫోన్‌లో మనం ఎన్ని పేజీలు తిప్పినా ఆ కొసన ఉన్న సాక్ష్యాన్నే చూస్తున్నాం. మన ఖాతా విషయం మన వైపు నుంచే తెలియాలి.

షాపు పేరు కనిపించడం ఇంకా బలహీనమైన ఆధారం, ఎందుకంటే అది మన క్యూఆర్ స్టిక్కర్ కిందే అచ్చువేసి ఉంటుంది, ఎవరైనా చదివి టైపు చేయవచ్చు. యూటీఆర్ మాత్రం కొంచెం ఓపికగా చూడవలసిన అంశం. చాలా యాప్‌లలో రెండు సంఖ్యలు కనిపిస్తాయి. అక్షరాలు, అంకెలు కలిసిన పొడవాటిది ఆ యాప్ తన లెక్క కోసం పెట్టుకున్న గుర్తు, అది మన వైపు ఎక్కడా దొరకకపోవచ్చు. UTR అనో UPI Ref No అనో రాసి ఉండే 12 అంకెల సంఖ్య రెండు బ్యాంకులకూ ఉమ్మడి గుర్తు. దాని విలువంతా మన దగ్గరి ఎంట్రీతో పోల్చినప్పుడే తెలుస్తుంది. పోల్చకుండా చూస్తే అవి వట్టి 12 అంకెలు మాత్రమే.

పోల్చినా సరిపోని సందర్భం ఒకటి మా కౌంటర్‌లోనే ఎదురైంది. ఒక శనివారం సాయంత్రం రద్దీలో 1,180 రూపాయల బిల్లుకు ఒకాయన తెర చూపించాడు. టిక్కు ఉంది, మా పేరు ఉంది, ఆనాటి తేదీ, 7:42 సమయం ఉన్నాయి. స్పీకర్ మాత్రం పలకలేదు. వ్యాపార యాప్ తెరిస్తే చివరి ఎంట్రీ 7:36 నాటి 90 రూపాయలు. యూటీఆర్ చదవమన్నాను, చదివాడు. ఆ సంఖ్యతో వెతికితే మా యాప్‌లో నిజంగానే దొరికింది: 1,180 రూపాయలు, విజయవంతం. మా కుర్రాడు సామాను సంచి అందించబోయాడు కూడా. కానీ ఆ ఎంట్రీ తేదీ తొమ్మిది రోజుల కిందటిది, సమయం ఉదయం 11:20. అంటే ఆయన ఒకసారి నిజాయితీగానే కట్టి, ఆ తెరను ఫోటోగా దాచుకొని, తేదీ, సమయం మాత్రం దిద్దుకొని వచ్చాడన్నమాట. అప్పుడు మళ్లీ ఆ ఫోన్ వైపు చూస్తే, బొమ్మలో అన్నిటికంటే పైన, బ్యాటరీ గుర్తు పక్కన ఉండే గడియారం 11:21 అని చూపిస్తూనే ఉంది. అది దిద్దడం మరిచిపోయాడు. వేలితో పక్కకు జరిపితే ఏదో పెళ్లి ఫోటో వచ్చింది, అంటే మేము చూస్తున్నది యాప్‌ను కాదు, గ్యాలరీని. “అయ్యో, పాతది తెరిచానండీ” అని నగదు ఇచ్చి వెళ్లాడు.

ఆ రోజు నుంచి మేము యూటీఆర్ ఒక్కటే చూడడం మానేశాం. మొత్తం, సమయం, యూటీఆర్ చివరి నాలుగు అంకెలు, ఈ మూడూ మా యాప్‌లోని ఒకే ఎంట్రీలో కలవాలి, ఆ ఎంట్రీ అంతకుముందు వేరే బిల్లుకు వాడినది కాకూడదు. రద్దీలో ఇద్దరు ఒకే మొత్తం కట్టినప్పుడు ఈ చివరి షరతు మరింత అవసరమవుతుంది, ఎందుకంటే ఒక్క ఎంట్రీని చూసి ఇద్దరికీ సామాను ఇచ్చేయడం చాలా సులభం. బిల్లు మీద ఆ నాలుగు అంకెలు రాసుకుంటే పని అయిపోతుంది.

మెసేజ్ గురించిన వాదనలో సగం నిజం ఉంది. బ్యాంకు ఎస్ఎంఎస్ ఆలస్యం కావచ్చు, చిన్న మొత్తాలకు కొన్ని బ్యాంకులు ఎస్ఎంఎస్ పంపడమే మానేశాయి. అందువల్ల మెసేజ్ రాలేదన్న ఒక్క కారణంతో కస్టమర్‌ను అనుమానించడం తప్పే. అయితే ఆ సగం నిజం నుంచి “కాబట్టి వచ్చినట్టే” అన్న నిర్ణయానికి దూకడం కుదరదు. మెసేజ్ రాకపోవడం దేనికీ రుజువు కాదు, మెసేజ్ రావడం కూడా పూర్తి రుజువు కాదు. “మీ ఖాతాలో ఇంత జమ అయింది” అనే వాక్యాన్ని ఎవరైనా టైపు చేసి మన నంబరుకు పంపవచ్చు. బ్యాంకు మెసేజ్ అక్షరాలతో కూడిన పేరు నుంచి వస్తుంది కానీ మామూలు పది అంకెల నంబరు నుంచి రాదు. అయినా రద్దీలో పంపినవారి పేరు చూసే తీరిక ఎవరికి ఉంటుంది?

బ్యాలెన్స్ చూసుకుంటే పోతుంది కదా అని అనేవారికి రెండు మాటలు. వ్యక్తిగత ఖాతాకు నేరుగా కట్టించుకునేవారికి అది పనికి వస్తుంది. కానీ 2025 ఆగస్టు నుంచి ఒక యాప్‌లో రోజుకు 50 సార్లకు మించి బ్యాలెన్స్ చూడడానికి వీలు లేదు, కాబట్టి బిజీ కౌంటర్‌లో మధ్యాహ్నానికే ఆ కోటా అయిపోతుంది. ఇక చెల్లింపుల సంస్థ ఇచ్చిన వ్యాపార క్యూఆర్ వాడేవారిలో చాలామందికి డబ్బు ఆ సంస్థ దగ్గర పోగై, మరుసటి రోజు ఒకే మొత్తంగా బ్యాంకుకు చేరుతుంది. వారు ఆ క్షణంలో బ్యాంకు బ్యాలెన్స్ చూస్తే నిజాయితీగా కట్టినవాడు కూడా మోసగాడిలా కనిపిస్తాడు. వారు చూడవలసింది ఆ సంస్థ యాప్‌లోని లావాదేవీల జాబితానే.

స్పీకర్ మంచి పనిముట్టే, నేనూ వాడుతున్నాను. అది మన వైపు సర్వర్ నుంచి కబురు వచ్చాకే మాట్లాడుతుంది కాబట్టి స్క్రీన్‌షాట్ కంటే ఎన్నో రెట్లు నమ్మదగినది. కానీ దాని మౌనానికి చాలా అర్థాలున్నాయి. అది ఏ క్యూఆర్‌కు ముడిపడి ఉందో ఆ క్యూఆర్‌కు వచ్చిన డబ్బే చెబుతుంది. కస్టమర్ స్కాన్ చేయకుండా యజమాని ఫోన్ నంబరుకు కడితే డబ్బు వ్యక్తిగత ఖాతాలో పడుతుంది, స్పీకర్ నోరు మెదపదు. అందులో ఉండే సిమ్‌కు సిగ్నల్ పోతే కూడా అంతే, పైగా సిగ్నల్ తిరిగి వచ్చాక పాత కబుర్లు ఆలస్యంగా పలకవచ్చు, వాటిని ఎదురుగా ఉన్న మనిషి లెక్కలో వేసుకునే ప్రమాదం ఉంది. మన స్టిక్కర్ మీద రాత్రికి రాత్రి ఎవరో తమ క్యూఆర్ అతికించి ఉంటే కస్టమర్ నిజంగానే కడతాడు, నిజమైన టిక్కు వస్తుంది, డబ్బు మాత్రం ఇంకొకరికి పోతుంది. వరుసగా ఇద్దరు ముగ్గురు “కట్టామండీ” అంటున్నా స్పీకర్ పలకకపోతే, వారిని కాదు, స్టిక్కర్‌ను అనుమానించాలి. ఎవరి పేరు వచ్చిందో, ఏ యూపీఐ ఐడీకి వెళ్లిందో కస్టమర్‌నే చదవమంటే నిమిషంలో తేలిపోతుంది.

అన్నిటికంటే నష్టం చేసేది బ్యాంకు ఇప్పిస్తుందన్న చివరి మాట. స్క్రీన్‌షాట్ నకిలీదైతే ఆ లావాదేవీయే లేదు, బ్యాంకు వెతకడానికి ఏమీ ఉండదు. అలాంటప్పుడు మిగిలేది సైబర్ నేరాల 1930 నంబరుకు ఫిర్యాదు మాత్రమే. లావాదేవీ నిజమై మధ్యలో చిక్కుకుంటే సంగతి వేరు. కోత పడి, మన బ్యాంకు నుంచి జవాబు రాకపోతే అది పెండింగ్‌లో ఉంటుంది, ఆ తర్వాత జమ అయినా కావచ్చు, వెనక్కి పోయినా పోవచ్చు. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఒకరి ఖాతా నుంచి మరొకరి ఖాతాకు పంపిన డబ్బు జమ కాకపోతే మరుసటి రోజులోగా, వ్యాపారి దగ్గర ధృవీకరణ రాని చెల్లింపు అయితే అయిదు రోజుల్లోగా, డబ్బు తిరిగి వెళ్లాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం కూడా ఇవ్వాలి. తిరిగి వెళ్లేది ఎవరి ఖాతాకు? కస్టమర్ ఖాతాకు. అప్పటికే మనం సామాను ఇచ్చేసి ఉంటే ఆయన దగ్గర సామానూ ఉంటుంది, డబ్బూ ఉంటుంది. ఆయన తప్పేమీ లేకుండానే ఇలా జరగవచ్చు, డబ్బు తిరిగి వచ్చిన సంగతి ఆయన గమనించకపోనూ వచ్చు. మన దగ్గర దాచుకున్న ఫోటోకు ఆ లెక్కలో చోటే లేదు.

అందుకే పెండింగ్ అని తేలినప్పుడు నేను మనిషిని నిలదీయను. సామాను సంచిలో కట్టి, బిల్లు మీద యూటీఆర్, ఫోన్ నంబరు రాసి పక్కన పెడతాను, ఎంట్రీ కనిపించగానే ఫోన్ చేస్తానని చెబుతాను. తొందరలో ఉన్నవారు నగదు ఇచ్చి తీసుకువెళ్తారు, వారికి మాత్రం ఒక మాట రాసిస్తాను: ఇదే యూటీఆర్‌తో డబ్బు తర్వాత మాకు జమ అయితే తిరిగి ఇచ్చేస్తామని. మరోసారి కట్టమని మాత్రం అడగను, రెండూ జమ అయితే ఆ గొడవ ఇంకా పెద్దది. తెలిసినవారికి అప్పు రాసుకొని పంపుతాను, అయితే ఖాతా పుస్తకంలో దాన్ని అప్పు అనే రాస్తాను, ముట్టింది అని రాయను.