దుబాయిలో మూడు గంటలు, బిల్లులో ఆరు వేలు

డల్లాస్‌లో అమ్మాయి ఇంటికి వెళ్లివచ్చిన తరువాత వచ్చిన మొదటి ఫోను బిల్లు 399 రూపాయలూ, దాని మీద జీఎస్టీ మాత్రమే చూపించింది. అమెరికాలో ఉన్నన్నాళ్లూ అల్లుడు ఇచ్చిన అక్కడి సిమ్మునే వాడాను కాబట్టి, నా జాగ్రత్త గురించి వాకింగ్ మిత్రులకు రెండు రోజుల పాటు ఉపన్యాసం ఇచ్చాను. విదేశీ నెట్‌వర్కు వాడకం లెక్కలు మన కంపెనీకి చేరడానికి ఒక్కోసారి ఆలస్యమవుతుందనీ, అప్పుడవి తరువాతి నెల బిల్లులో దిగుతాయనీ నాకు అప్పటికి తెలియదు. రెండో బిల్లు 6,159 రూపాయల 60 పైసలు.

"ఏమండీ, ఇది కరెంటు బిల్లా?" అని మా ఆవిడ అడిగింది. కాదని చెప్పడానికి కొంత సమయం పట్టింది.

కళ్లజోడు తుడుచుకుని పేజీలు తిప్పితే, డేటా రోమింగ్ అన్న పద్దు కింద 9 ఎంబీకి 4,500 రూపాయలు కనిపించాయి. ప్రయాణంలో నేను ఇంటర్నెట్ ముట్టుకున్నదే లేదు. అయితే బయలుదేరే ముందు, బ్యాంకు ఓటీపీలు వస్తాయని, ఫోను దుకాణం కుర్రాడు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి, అడగకుండానే ఫోను సెట్టింగుల్లో డేటా రోమింగ్ మీట కూడా నొక్కి పెట్టాడు. ఓటీపీ మెసేజీకి మొదటిది చాలు, రెండోదానితో పనే లేదు. దుబాయిలో విమానం మారడానికి ఆగిన ఆ మూడు గంటల్లో, మన దేశంలో పొద్దున ఎనిమిది దాటిన వేళ, వాట్సాప్ తన పని తాను చేసుకుపోయింది.

ఆ వేళకు మా కుటుంబ గ్రూపులో ఏం జరుగుతుందో చెప్పనక్కర లేదు. పెదనాన్న గులాబీతో శుభోదయం పెడతారు, పిన్ని దీపంతో పెడుతుంది, మిగిలినవారు వాటికి బదులు పెడతారు. ఒక్కో బొమ్మ సుమారు 150 కేబీ. రోమింగ్ ప్యాక్ లేకుండా ఎంబీ 500 రూపాయల చొప్పున లెక్క కడితే బొమ్మకు 73 రూపాయలు, జీఎస్టీ 18 శాతం కలిపితే 86. జేబులో నిద్రపోతున్న ఫోను ఒక్కొక్క గులాబీనే 86 రూపాయలకు కొని నా గ్యాలరీలో పేర్చుకుంటూ పోయింది.

తరువాతి పద్దు ఇన్‌కమింగ్ కాల్స్, మూడు నిమిషాలకు 225 రూపాయలు. ఉదయం 8 గంటలకు మాట్లాడినట్టు ఉండేసరికి, నేను మాట్లాడింది తొమ్మిదిన్నరకు కదా అని మోసం పట్టుకున్నంత సంబరపడ్డాను. అది దుబాయి సమయమని అమ్మాయి ఫోనులో చెప్పి ఆ సంబరం తీర్చేసింది. పాలు ఎప్పటి నుంచి ఆపాలని పాలవాడు అడిగింది ఒక నిమిషం. లోను కావాలా అని ఎవరో అడుగుతుంటే వద్దని మర్యాదగా చెప్పడానికి ఒక నిమిషం అయిదు సెకన్లు పట్టింది గనుక అది రెండు నిమిషాలయింది. అదే మర్యాద లేకుండా చెప్పి ఉంటే 75 రూపాయలు మిగిలేవి.

ఇక చిల్లర పద్దులు రెండు. కాలర్ ట్యూన్ 36 రూపాయలు. స్నేహితుడికి ఫోను చేసినప్పుడు వినిపించిన అన్నమయ్య కీర్తన బాగుందని, అందులో చెప్పినట్టే నక్షత్రం గుర్తు నొక్కింది నేనే. అది భక్తి అనుకున్నాను గాని చందా అనుకోలేదు. రెండోది జ్యోతిష్యం, 60 రూపాయలు. కస్టమర్ కేర్ అమ్మాయి, "మీ నంబరు నుంచే అంగీకారం వచ్చింది సార్" అంది.

"ఏ రోజు, ఏ సమయానికమ్మా?" అని అడిగాను. ఈ ప్రశ్న అడగాలని డల్లాస్ నుంచి మా అమ్మాయి ముందే నూరిపోసింది. ఇలాంటి సేవలకు వినియోగదారు రెండోసారి కూడా ధ్రువీకరించాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లోనే ఆదేశించింది కనుక, కంపెనీ దగ్గర దానికి లెక్క ఉండాలి.

ఆమె తేదీ చెప్పి, మన సమయం ఉదయం 11:20 అంది. దుబాయి నుంచి డల్లాస్ విమానం లేచింది మన సమయం 10:30కి. అప్పటికి ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉంది, నేను గురక పెడుతున్నాను, దానికి సాక్షి పక్క సీట్లోనే ఉంది. బోర్డింగ్ పాస్ ఫొటో పంపి, ఫిర్యాదుకు డాకెట్ నంబరు రాయించుకుని, మిగిలిన చందాలు ఏమైనా ఉంటే పోవాలని 155223కి STOP అని మెసేజ్ కూడా పంపాను.

వారం రోజులకు జ్యోతిష్యం డబ్బు పన్నుతో సహా 70 రూపాయల 80 పైసలు తిరిగి జమ అయింది. రోమింగ్ సొమ్ము మాత్రం, ఫోనులో మీట ఆన్‌లోనే ఉంది గనుక రాదన్నారు. మర్నాడు పెదనాన్న ఫోను చేసి, "ఏరా, నా గులాబీలు చూస్తున్నావా?" అన్నారు. తిరిగి వచ్చిన డబ్బుకు వాటిలో ఒక్కటి కూడా రాదని ఆయనతో ఎలా చెప్పను?