కళ్లు చికిలించిన మీటింగు

శుక్రవారం బెళ్లందూరు ఆఫీసులో జరిగింది, ఇంకా మండుతూనే ఉంది కాబట్టి ఇక్కడ కక్కేస్తున్నా. బస్ టికెట్ల యాప్‌లో ‘మీ ప్రయాణం’ స్క్రీన్‌కి వైర్‌ఫ్రేమ్ రివ్యూ. అంటే రంగుల్లేవు, ఫాంట్ల సోకుల్లేవు, అన్నీ బూడిద డబ్బాలే. బొమ్మ వచ్చే చోట డబ్బాలో ఇంటూ మార్కు. రాత్రి పదింటికి మడివాలలో లగేజీతో నిలబడ్డవాడికి కావాల్సింది ఎక్కే చోటు, బస్సు నంబరు, డ్రైవర్ ఫోను. స్క్రోల్ చేయకుండా అవి కనబడుతున్నాయా అన్నదే చూడాలి. రంగులేశాక ఇక ఆ ఊసే రాదు, అందరూ నారింజా నీలమా అని కొట్టుకుంటారు.

మా మేనేజర్ గారిది ఒంగోలు. రాగానే "కలర్లు ఏవి బాబూ, ఇంకు అయిపోయిందా?" అన్నారు. పైనున్న ఆఫర్ల బ్యానర్ ఆయన పట్టుబట్టి పెట్టించిందే.

వాదన ఎందుకులే అని, "సార్, కళ్లు సగం మూసి మసకగా చూడండి, ముందు ఏది ఆనితే ఈ స్క్రీన్ దానికే పెద్దపీట వేసినట్టు" అన్నా. పాపం అందరూ చూశారు. టెస్టింగ్ అమ్మాయి కళ్లజోడు తీసేసింది. మేనేజర్ గారు తల వెనక్కి వాల్చి, నోరు కాస్త తెరిచి, ఒక కన్ను పూర్తిగా మూసి, రెండోది సన్నగా తెరిచి ఉంచారు. మా మీటింగ్ రూములకు గోడలన్నీ అద్దాలే (గదిలో ఎవరూ నిద్రపోకూడదని పెట్టించారట), సరిగ్గా అప్పుడే పెద్ద బాసు గారు క్లయింట్లకి ఆఫీసు చూపిస్తూ అటు వచ్చారు. లోపల గదినిండా జనం, ఒక్కరికీ కళ్లు తెరిచి లేవు, ఎదురుగా తెర మీద ఇంటూ మార్కు. క్లయింటొకాయన గౌరవంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ధ్యానం అనుకున్నాడేమో. బాసు చూపు మాత్రం నా మీదే.

వాళ్లు వెళ్లాక చూస్తే, మసకలో ఆనింది బ్యానర్ ఒక్కటే. 640 పిక్సెళ్ల ఎత్తున్న స్క్రీన్‌లో 200 అదే మింగింది. మసకగా చూస్తే తెలిసేది బరువే, మాటలు సరిపోతాయో లేదో తెలీదు. అందుకని ఎక్కే చోటు దగ్గరున్న ఉత్తుత్తి అక్షరాలు తీసేసి, అసలు అడ్రసు వేశా: ‘మడివాల, చెక్‌పోస్టు దాటాక, పెట్రోలు బంకు ఎదురుగా, ట్రావెల్స్ ఆఫీసు ముందు’. ఒక్క లైను కాస్తా మూడయింది, 48 పిక్సెళ్లు కిందికి తోసింది, డ్రైవర్‌కి ఫోన్ చేసే బటన్ స్క్రీన్ అంచు కిందికి జారిపోయింది. బ్యానర్‌ని అడుగుకి పంపితే అన్నీ పట్టేస్తాయి, అది కూడా చేసి చూపించా.

"అదే నేననేది! కళ్లు మూసినా నా బ్యానర్ కనిపిస్తోంది చూడు" అన్నారు సార్.

సాయంత్రం మినిట్స్ వచ్చాయి. వైర్‌ఫ్రేమ్ ఓకే, బ్యానర్ పైనే ఉంటుంది, ఇంటూ మార్కు మాత్రం అశుభంగా ఉంది, తీసేయాలి.