జిరాక్సు కాగితానికి కోర్టులో ఇంత అవమానమా?

ఈ దేశాన్ని నడిపిస్తున్నది ఎవరని అడిగితే రాజకీయ నాయకుడు తన పేరు చెబుతాడు, పారిశ్రామికవేత్త తన పేరు చెబుతాడు. నిజానికి నడిపిస్తున్నది జిరాక్సు మిషను. రేషన్ కార్డుకి జిరాక్సు, గ్యాస్ కనెక్షన్‌కి జిరాక్సు, బ్యాంకు లోనుకి ఆధార్ జిరాక్సు మూడు సెట్లు. ఒరిజినల్‌ని బీరువాలో చీరల కింద దాచి, దాచిన సంగతి దాచినవాళ్లే మరిచిపోయాక కూడా కుటుంబం నిక్షేపంగా బతికేస్తుంది. అంతటి సేవ చేస్తున్న కాగితం సివిల్ కోర్టు మెట్లు ఎక్కగానే అవతలి వకీలు లేచి, ముట్టుకుంటే మైల అంటుతుందేమో అన్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని, 'ఇది జిరాక్సు యువరానర్, అభ్యంతరం' అంటాడు. ఈ వివక్షను నేను తీవ్రంగా ఖండిస్తున్నాను.

ఖండించేముందు శత్రువు బలం తెలుసుకోవాలి కాబట్టి చట్టం తెరిచాను. 1872 నాటి సాక్ష్య చట్టం పోయి, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. అప్పటికే నడుస్తున్న కేసులకు మాత్రం పాతదే. దొరల చట్టం పోయింది కదా, మన జిరాక్సుకు స్వాతంత్ర్యం వచ్చి ఉంటుందని ఆశపడ్డాను. తీరా చూస్తే పాత 62, 63, 65 సెక్షన్లు బట్టలు మార్చుకుని 57, 58, 60గా కూర్చున్నాయి. అక్కడక్కడా చేర్పులున్నా మూలం అదే: దస్తావేజులో ఏముందో చెప్పాలంటే దస్తావేజునే తెచ్చి జడ్జిగారి ముందు పెట్టాలి. అది ప్రైమరీ ఎవిడెన్స్. అది ఎందుకు తేలేకపోతున్నావో చెప్పి ఒప్పించగలిగితేనే సెకండరీ ఎవిడెన్స్‌కి, అంటే కాపీలాంటి వాటికి, తలుపు తీస్తారు.

చట్టానికి అచ్చుయంత్రం అంటే గౌరవమే సుమా. ఒకే దఫాలో అచ్చయిన వెయ్యి పెళ్లి శుభలేఖల్లో ఏదైనా మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిదిటికి ప్రైమరీ ఎవిడెన్సే. కానీ ప్రెస్సువాడికి పెదనాన్నగారు రాసిచ్చిన ప్రతిలో ఏముందో చెప్పడానికి మాత్రం ఆ వెయ్యిలో ఒక్కటీ ప్రైమరీ కాదు. వరుడి పేరు తప్పుపడింది పెదనాన్న చేతిలోనా, ప్రెస్సులోనా అని తగాదా వస్తే ఆ చేతిరాత కాగితమే కావాలి. అది అప్పటికే పొట్లం అయిపోయి ఉంటుంది.

ఇక సెకండరీ వంశవృక్షం చూడండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చలానా కట్టి తెచ్చుకునే సర్టిఫైడ్ కాపీ, అంటే మనవాళ్లు 'సీసీ' అనేది, ఈ కులంలో అగ్రజం. దాని తరవాత ఒరిజినల్ నుంచి యంత్రం తీసిన కాపీ, ఒరిజినల్‌తో పక్కపక్కన పెట్టి సరిచూసిన కాపీ. చివరికి, ఒరిజినల్‌ని కళ్లారా చూసినవాడు నోటితో చెప్పే మాట కూడా సెకండరీ ఎవిడెన్సే. జిరాక్సు చూసి 'అందులో ఇలా ఉంది' అని చెప్పేవాడి మాట చెల్లదు. జిరాక్సుకి జిరాక్సు తీస్తే, మొదటి జిరాక్సు ఒరిజినల్ నుంచే తీశారని ముందు నిరూపించాలి. చూసి చేత్తో రాసిన నకలుకి నకలైతే మరీ ఘోరం. మొదటి నకలుని ఒరిజినల్‌తో సరిచూసినా లాభం లేదు, ఈ రెండోదాన్ని కూడా విడిగా ఒరిజినల్‌తో సరిచూసి ఉండాలి. తాత గుణం మనవడికి రాదన్నమాట.

ఈ జాబితాలో మన గెజిటెడ్ ఆఫీసరుగారు ఎక్కడున్నారని భూతద్దం పెట్టి వెతికాను. జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ చుట్టూ మూడు రోజులు తిరిగి ఆకుపచ్చ ఇంకుతో సంతకం, గుండ్రటి ముద్ర వేయించుకున్న కాపీ ఉద్యోగ దరఖాస్తుకి పనికొస్తుంది. కోర్టులో అది సర్టిఫైడ్ కాపీ కాదు. సర్టిఫైడ్ కాపీ ఇవ్వాల్సింది ఆ రికార్డు ఎవరి కస్టడీలో ఉందో ఆ అధికారి. ప్రిన్సిపాల్ గారి దగ్గర మీ భూమి రికార్డు ఉండదు, ఆకుపచ్చ పెన్ను మాత్రమే ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. కాపీకి తలుపు ఎప్పుడు తీస్తారు? దారులు చాలానే ఉన్నాయి గానీ మన జనం పడి నడిచేవి రెండు. ఒకటి, ఒరిజినల్ అవతలివాడి దగ్గరుంది, నోటీసిచ్చినా తేవడం లేదు. రెండు, పోయింది లేదా నాశనమైంది. 'పోయింది' అన్న మాట దగ్గర చట్టం ఒక ముల్లు గుచ్చింది. నీ తప్పు వల్లో నిర్లక్ష్యం వల్లో తేలేకపోతున్నానంటే కుదరదు. ఇంట్లో ఎలక కొట్టిందన్నవాడు పెట్టె మూత ఎందుకు వేయలేదో చెప్పుకోవాల్సి వస్తుంది.

ఒక మామూలు తగాదా తీసుకుందాం. ఊళ్లో ఒకాయన అర ఎకరం కొనడానికి వంద రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాయించుకున్నాడు. సగం డబ్బు ఇచ్చాడు. సర్వే నంబరులో పొరపాటు పడింది, సరిచేయించి ఇస్తానని అమ్మినాయన ఒరిజినల్ పట్టుకుపోయాడు. 'మనలో మనకేంటి బావా' అనుకుని కొన్నాయన జిరాక్సుతో సరిపెట్టుకున్నాడు. భూమి రేటు పెరిగింది, బావ మాట మారింది, దావా పడింది.

జిరాక్సు చేతిలో ఉంది కదా అని నేరుగా సాక్షి బోనులోకి వెళ్లి దాన్ని సాక్ష్యంగా రికార్డులో మార్క్ చేయించుకుందామంటే కాదు. ఒరిజినల్ ప్రతివాది దగ్గరుందని ముందు దావా వేసే ప్లెయింటులోనే రాసి ఉండాలి. తరవాత సెక్షన్ 64 కింద, అంటే పాత 66 కింద, ఆ ఒరిజినల్ తెమ్మని నోటీసివ్వాలి. అవతలివాడు మోసం చేసో బలవంతంగానో లాక్కున్నాడని రుజువైతే నోటీసు లేకపోయినా నడుస్తుంది గానీ, పదిహేను రోజులూ పోస్టల్ ఖర్చూ మిగుల్చుకోవడానికి ఆ వాదన ఎత్తుకునే వకీలుని నేను చూడలేదు. ప్రతివాది 'అలాంటి కాగితమే లేదు' అని జవాబిస్తాడు. అప్పుడు సెకండరీ ఎవిడెన్స్‌కి అనుమతి కోరుతూ ఐఏ అనే మధ్యంతర దరఖాస్తు, దాంతో అఫిడవిట్.

అక్కడ జడ్జిగారు అడిగేది మూడే ముక్కలు. ఒరిజినల్ అనేది అసలు ఉందా? జిరాక్సు తీసినప్పుడు అది ఎవరి చేతిలో ఉంది? తీసిందెవరు? ఇవేం కొత్త ప్రశ్నలు కావు. ఒక ఎన్నికల వివాదంలో ఫొటోస్టాట్ కాపీ తెచ్చినాయన వీటికి జవాబు చెప్పలేదని సుప్రీంకోర్టు 1975లోనే ఆ కాపీని పక్కన పెట్టింది. మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన జె.యశోద కేసులో 2007లో మళ్లీ జిరాక్సులే ఓడాయి. సరిచూసుకోవడానికి ఒరిజినల్ లేనప్పుడు వాటిని తీసుకోవడం సరికాదని కోర్టు చెప్పింది. ముప్పై ఏళ్ల పైచిలుకు గడిచినా జిరాక్సు తీసేటప్పుడు తారీఖు, ఎదురుగా ఉన్నవాడి పేరు వెనక రాసుకోవాలని మనకెవరికీ తోచలేదు. మన దృష్టంతా కాపీకి రెండు రూపాయలా, మూడు రూపాయలా అన్న దాని మీదే.

జడ్జీలు మరీ కఠినాత్ములని కూడా అనలేం. పంజాబ్ నుంచి వచ్చిన జగ్‌మైల్ సింగ్ కేసులో వీలునామా ఒరిజినల్‌ని, భూమి రికార్డులో పేరు మార్పించే మ్యుటేషన్ కోసం, ఊరి పట్వారీకి ఇచ్చారు. తరవాత తెమ్మంటే అది రాలేదు. హైకోర్టు కాపీకి అనుమతి లేదంది. సుప్రీంకోర్టు 2020లో ఆ తీర్పు కొట్టేసి తలుపు తీసింది. రెవెన్యూ ఆఫీసులో కాగితం ఇవ్వడమూ, తిరిగి పొందలేకపోవడమూ అన్నది భారతీయులందరికీ అర్థమయ్యే సంగతే కదా. అయితే ఆ వెంటనే ఒక మాట కూడా అంది. కాపీని రుజువు చేసుకోనిచ్చినంత మాత్రాన కాపీ నిజమైనట్టు కాదు, అందులోని సంగతి విడిగా నిరూపించాల్సిందే. అనుమతి దొరికిన రోజే కోర్టు ఆవరణలో స్వీట్లు పంచేవారు ఈ వాక్యం చదివే దాకా ఆగితే డబ్బు మిగులుతుంది.

మన అర ఎకరం ఆయన ఇవన్నీ దాటాడనే అనుకుందాం. దస్తావేజు రాసిన లేఖరి వచ్చి అవును నేనే రాశానన్నాడు. సాక్షి సంతకం పెట్టినాయన ఒరిజినల్ బావ పట్టుకెళ్లడం చూశానన్నాడు. జిరాక్సు కొట్టు కుర్రాడు కూడా వచ్చి ఆరోజు కరెంటు పోయి వచ్చిన సంగతితో సహా చెప్పాడు. సాక్ష్య చట్టం చల్లబడింది. అప్పుడు అవతలి వకీలు, ఇన్నాళ్లూ దాచుకున్న ఒక చిన్న కాగితం తీశాడు. అది స్టాంపు చట్టం.

ఆ అగ్రిమెంటులో లేఖరి గారు ఉత్సాహంగా 'భూమి ఈ రోజే మీ స్వాధీనం చేసితిమి' అని ఒక లైను వేశారు. మన రెండు రాష్ట్రాల్లోనూ స్వాధీనంతో కూడిన అగ్రిమెంటుకి అమ్మకం దస్తావేజుకి లాగే స్టాంపు డ్యూటీ పడుతుంది, వంద రూపాయల పేపరు ఏ మూలకూ చాలదు. ఒరిజినల్ చేతిలో ఉంటే తక్కువ పడిన డ్యూటీ, దాని మీద పదింతల పెనాల్టీ కట్టి ఒడ్డునపడొచ్చు. జిరాక్సుకి ఆ అదృష్టం లేదు. కాపీ మీద పెనాల్టీ కట్టించుకునే దారి స్టాంపు చట్టంలో లేదని జూపూడి కేశవరావు కేసులో సుప్రీంకోర్టు 1971లోనే తేల్చేసింది. స్టాంపు చాలని దస్తావేజుకి కాపీ పనికిరాదు, నోటిమాట సాక్ష్యమూ పనికిరాదు.

గమనించండి, ప్రభుత్వానికి పది రెట్లు ఎక్కువ కడతానని పౌరుడు చేతులు జోడించి నిలబడితే, కాగితం ఒరిజినల్ కాదు కాబట్టి నీ డబ్బు మాకొద్దు అంటున్నారు. ఖజానా డబ్బు వద్దన్న సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే.

ఇక మిగిలింది ఒక్కటే ఆశ, అవతలి వకీలు నిద్ర. కాపీని రుజువు చేసే పద్ధతి మీద అభ్యంతరం ఏదైనా ఉంటే దాన్ని మార్క్ చేసే క్షణంలోనే చెప్పాలని, అప్పుడు నోరుమూసుకుని తరవాత అప్పీలులో లేవనెత్తితే కుదరదని 2003లో వెంకటాచల గౌండర్ కేసులో సుప్రీంకోర్టు అంది. అందుకే మా ఊరి కోర్టులో జిరాక్సులన్నీ మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఫ్యాను కింద అందరి కళ్లూ మూతలు పడుతున్న రెండున్నర వేళకే బోనెక్కుతాయి. ఆ వేళకి కాఫీ తాగి రావద్దని అవతలి వకీలుకి చెప్పే అధికారం మాత్రం ఏ సెక్షనూ మనకివ్వలేదు.