ఎడమ బొటనవేలితో టైప్ చేసిన నాలుగు మాటలు

కర్నూలులో మా వీధి కుర్రాడు ఒకడు రాత్రిపూట ఫుడ్ డెలివరీ చేస్తాడు. నవంబరులో ఒక రాత్రి, సన్న తుంపర పడుతుండగా, బళ్లారి చౌరస్తా దాటి కాలనీలోకి తిరిగే చోట బండి మీద నుంచి పడ్డాడు. పైపు కోసం రోడ్డు తవ్వి, గాడిని కంకరతో పూడ్చి వదిలేశారు. ముందు చక్రం దాని మీద జారింది. కుడి చెయ్యి నేలకు ఆనించి పడ్డాడు. రోడ్డు పక్కన కూర్చుని, ఎడమ చేతి బొటనవేలితో కంపెనీ హెల్ప్ చాట్‌లో ఇలా టైప్ చేశాడు:

"సార్ బండి స్లిప్ అయింది. చిన్న దెబ్బలే. పార్సిల్‌కి ఏం కాలేదు. వేరే వాళ్లని పంపండి."

కుడి చెయ్యి లేవలేదు కాబట్టే అంత పొట్టిగా రాశాడు. ఆ తర్వాత మూడు వారాలు ఇన్సూరెన్స్ కోసం జరిగిన గొడవంతా ఈ నాలుగు మాటల చుట్టూనే తిరిగింది. అవి మర్యాదస్తుడి మాటలు. కస్టమర్ ఆకలితో ఉంటాడు, రేటింగ్ పోతుంది, ఆర్డర్ ఆగకూడదు అన్న టెన్షన్ ఆ కుర్రాడిది. కానీ ఎక్కడో కూర్చుని ఫైలు చదివే మనిషికి అవి వేరే అర్థం ఇచ్చాయి.

'స్లిప్ అయింది' అంటే ఎందుకు అయింది? కంకర మాట లేదు, చీకటి మాట లేదు. కారణం రాయకపోతే నడిపినవాడి అజాగ్రత్త అని ఎవరైనా అనుకోవచ్చు. 'వేరే వాళ్లని పంపండి' అన్న మాట ఇంకా ఇబ్బంది పెట్టింది. ఈ కంపెనీలు రైడర్లకు ఇచ్చే ప్రమాద బీమా మామూలుగా ఆర్డర్ మీద ఉన్న సమయానికే వర్తిస్తుంది. అతను పడింది 9:06 ప్రాంతంలో. చాట్ చేసింది 9:09కి. ఆర్డర్‌ను అతని పేరు మీద నుంచి తీసేసింది 9:14కి. ప్రభుత్వ ఆసుపత్రిలో చీటీ రాయించుకునేసరికి 9:50. కంపెనీ నుంచి వచ్చిన మొదటి జవాబు: ఆసుపత్రికి వెళ్లిన సమయంలో మీ పేరు మీద ఆర్డర్ లేదు, రైడర్ తానే వదులుకున్నట్టు రికార్డులో ఉంది.

అన్నిటికంటే ఖరీదైనది 'చిన్న దెబ్బలే' అన్న మాట. చెయ్యి చాచి పడినప్పుడు మణికట్టులో, బొటనవేలు మొదట్లో ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరగడం ఎముకల డాక్టర్లకు బాగా తెలిసిన సంగతి. అలా విరిగినా, మొదటి రోజు ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. బొటనవేలి మొదట్లో ఉండే పల్లాన్ని నొక్కితే నొప్పి పుడితే అనుమానించి, కట్టు వేసి, పది పద్నాలుగు రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. ఇతనికీ అదే జరిగింది. పడిన రాత్రి 'బెణుకు' అన్నారు. పదమూడో రోజు విరిగిందని తేలింది. పిండికట్టు ఆరు వారాలకు తక్కువ కాదు. యాక్సిలరేటర్ తిప్పేది కుడి చేతితోనే కాబట్టి అన్ని వారాలూ సంపాదన లేదు. చేతిలో ఎక్స్‌రే ఉన్నా, ఫైలు మొదటి పేజీలో మాత్రం అతని సొంత మాట 'చిన్న దెబ్బలే' అని ఉంది.

ఆ పిండికట్టుతోనే మా ఇంటికి వచ్చాడు. "అన్నా, ఇప్పుడేం రాయాల? నేనే కదా చిన్నదన్నాను" అన్నాడు. అతను చెబుతుంటే నేను రాశాను. పాత మాటను దాచలేదు, దాన్ని కూడా వివరించాం. రాసింది ఇది:

"రాత్రి 8:41కి ఆర్డర్ తీసుకున్నాను. 8:58కి హోటల్‌లో పార్సిల్ అందుకున్నాను. 9:06 ప్రాంతంలో, కస్టమర్ ఇంటికి వెళ్లే దారిలో, తవ్వి కంకరతో పూడ్చిన గాడి మీద ముందు చక్రం జారి పడ్డాను. అక్కడ లైటు లేదు, అడ్డు పెట్టలేదు. వేరే బండి తగల్లేదు. హెల్మెట్ పెట్టుకున్నాను. కుడి అరచెయ్యి ఆనించి పడ్డాను. 9:09కి ఎడమ చేతితో మెసేజ్ పెట్టాను. అప్పటికి పైకి కనిపించింది గీరుకుపోవడం, వాపు మాత్రమే కాబట్టి చిన్న దెబ్బలని రాశాను. బండి నడపలేక ఆర్డర్ వేరేవాళ్లకు ఇమ్మన్నాను. 9:50కి ఆసుపత్రిలో చూపించుకున్నాను. పదమూడో రోజు రెండో ఎక్స్‌రేలో విరిగినట్టు తేలింది. నేను ఎక్కడ, ఎప్పుడు, ఎంత వేగంతో ఉన్నానో మీ యాప్ రికార్డులో ఉంటుంది. దాన్ని చెరిపేయకుండా ఉంచి, నాకు కాపీ ఇవ్వండి."

వేగం ముప్పై అని రాద్దామన్నాడు. వద్దన్నాను. అది అతని అంచనా. యాప్ లెక్క ముప్పై ఎనిమిది చూపిస్తే మిగతా నిజాలన్నిటి మీదా అనుమానం పడుతుంది. తెలిసినదే రాయాలి, తెలియని దానికి రికార్డు చూడమనాలి. ఇంకొక కాగితం కూడా పనికొచ్చింది. ఆ రాత్రి క్యాజువాలిటీలో డాక్టర్ అడిగినప్పుడు 'రోడ్డు మీద బండి నుంచి పడ్డాను' అని చెప్పడంతో మెడికో లీగల్ కేసుగా రాసుకున్నారు. చాలామంది పోలీసుల గొడవ ఎందుకని 'ఇంట్లో జారి పడ్డాను' అంటారు. ఆ ఒక్క మాటతో బీమా దారి మూసుకుపోవచ్చు.

కంపెనీ వైపు నుంచి చూస్తే, దొంగ క్లెయిములు వస్తాయన్నది నిజమే. ఎవరు పడ్డారో, ఎవరు పడలేదో వాళ్లకు దూరం నుంచి తెలియదు. కానీ మా కుర్రాడు పడిన సంగతిని అందరికంటే బాగా చూసింది వాళ్ల యాప్ కదా. బండి ఒక చోట ఆగిపోయి, పార్సిల్ చేరకుండా, మూడు నిమిషాల్లో ప్రమాదం అని మెసేజ్ వస్తే, ఆ క్షణాన్ని రికార్డులో గుర్తు పెట్టడం పెద్ద పనేం కాదు. ఆ చాట్ మాత్రం మొదట అడిగింది పార్సిల్ బాగుందా అని. అందుకే అతని మూడో మాట పార్సిల్ గురించి. మనిషి గురించి అడిగే ప్రశ్న ముందు ఉండాలి, ప్రమాదమని చెప్పాక ఆర్డర్ తీసేయడాన్ని 'రైడర్ వదులుకున్నాడు' అని రాయకూడదు, మొదటి రాత్రి చెప్పిన దెబ్బల వివరాన్ని తర్వాత డాక్టర్ కాగితంతో మార్చుకోనివ్వాలి.

చట్టం ఇక్కడ పూర్తిగా ఆదుకోదు. 1923 నాటి పరిహార చట్టం ఉద్యోగులకే వర్తించేది. రైడర్‌ను కంపెనీలు 'పార్ట్‌నర్' అంటాయి. దాని స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్ ఇలాంటి రైడర్ల వంటి గిగ్, ప్లాట్‌ఫాం కార్మికులను మొదటిసారి గుర్తించింది, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కంపెనీలు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమానికి ఇవ్వాలని అందులో ఉంది. కానీ ఆ కోడ్ కూడా వీళ్లను సంప్రదాయ యజమాని, ఉద్యోగి సంబంధానికి బయటివాళ్లుగానే నిర్వచించింది. కాబట్టి ఇవాళ పడిన రైడర్‌కు చేతిలో మిగిలేది కంపెనీ పాలసీ. అందులోనూ చాలాచోట్ల ఆసుపత్రిలో 24 గంటలు చేరి ఉండాలన్న షరతు ఉంటుంది. పిండికట్టు వేసుకుని అదే రోజు ఇంటికొచ్చినవాడికి వైద్య ఖర్చు రాకపోవచ్చు. తాత్కాలికంగా పని చేయలేని రోజులకు ఇంత అని ఇచ్చే భాగం కొన్ని పాలసీల్లో ఉంటుంది. ఇతను అడుగుతున్నది అదే.

రెండో వివరణ పంపిన నాలుగో రోజు జవాబు వచ్చింది. పడిన సమయానికి ఆర్డర్ అతని పేరు మీదే ఉందని ఒప్పుకున్నారు. రెండు ఎక్స్‌రేలూ, వాటి తేదీలూ అడిగారు, పంపాం. క్లెయిం ఇంకా నడుస్తోంది. యాప్‌లో అతని ఫిర్యాదు తెరిస్తే, పైన శీర్షిక స్థానంలో ఇప్పటికీ 'చిన్న దెబ్బలే' అనే ఉంది. మార్చడానికి అక్కడ బటన్ లేదు.