మట్టంగా పోసిన గచ్చు గోడకే నీళ్లు పెడుతుంది

“ఇల్లు కట్టేవారికి గమనిక: బేస్‌మట్టం రోడ్డు కంటే అడుగు ఎత్తుంటే చాలు, మిగతాది దండగ. ఇంటి చుట్టూ గచ్చు మట్టంగా పోయించండి, వాటం ఇస్తే కుర్చీ, మంచం నిలవవు. ఆవరణ ఈశాన్యానికి పల్లంగా ఉండాలి. అందరికీ పంపండి.”

ఈ వారంలోనే దీన్ని నాకు నలుగురు పంపారు. వారిలో ఇద్దరు అద్దంకి వైపు నల్లరేగడిలో పునాదులు తవ్విస్తున్నవారు కావడం వల్ల ఊరుకోలేకపోతున్నాను.

ఇంతకీ ఏ రోడ్డు? నేటి రోడ్డా, పదేళ్ల తర్వాతి రోడ్డా? పాత సిమెంటు రోడ్డును తవ్వకుండా దానిమీదే కొత్తది పోసినప్పుడల్లా వీధి ఆరంగుళాల దాకా లేస్తుంది. ఒంగోలు శివారులో మా బావమరిది స్థలం రోడ్డుకు అడుగున్నర పల్లం. ఆయన రోడ్డు నడుమ నుంచి నీళ్ల గొట్టంతో మట్టం పట్టించి, దానికి అడుగు ఎత్తున నేల పెట్టించారు. రెండుసార్లు రోడ్డు పోసేసరికి ఇంటి నేలా రోడ్డూ సమానమయ్యాయి. చుట్టూ ఉన్న నేల కంటే కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తుండాలన్న జాతీయ భవన నిర్మాణ నియమావళి లెక్క ఆ ఇంటికి తప్పలేదు, తప్పినది రోడ్డు లెక్క. అందుకే రోడ్డు నడుమ నుంచి రెండడుగులకు తగ్గవద్దంటాను.

గోడ నుంచి బయటికి మూడడుగులకు అంగుళం వాటంతో ఏ కుర్చీ పడిపోదు.

అసలు ప్రమాదం ఆ మట్టపు గచ్చులోనే ఉంది. పునాది గుంతలో గోడ పక్కన తిరిగి నింపిన మట్టి తవ్వని నేలంత గట్టిగా ఉండదు, నాలుగు వానలకు దిగిపోతుంది. దానిమీద మట్టంగా పోసిన గచ్చు గోడ వైపుకే వంగి, చూరు నీళ్లన్నిటినీ పునాదిలోకి దింపుతుంది. నల్లరేగడి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానకు ఉబ్బి, ఎండాకాలంలో నెర్రెలిస్తుంది. ఒక మూల ఎక్కువ తడిస్తే ఆ మూలే ఎక్కువ లేచి, కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు బయలుదేరుతాయి. అంతకు ముందే గోడ అడుగున ఉప్పు పూసినట్లు తెల్లగా కనిపిస్తుంది. వాన వెలిసిన అరగంటకు కూడా గోడ వారన నీరు నిలిచి ఉంటే, గచ్చు గోడ వైపుకే వంగిందనడంలో అనుమానం అక్కర్లేదు.

కాబట్టి గోడ పక్కన నింపే మట్టిని ఆరంగుళాల వరసలుగా తడిపి దిమ్మిస కొట్టించాలి. గచ్చు కనీసం మూడడుగుల వెడల్పు ఉండాలి, నల్లరేగడిలో ఇంకా ఎక్కువ ఉంటే మేలు. దానిని గోడకు అతికించి పోస్తే దిగినప్పుడు ఎక్కడపడితే అక్కడ చీలుతుంది గనుక, సన్నని సందు వదిలి తారుతో నింపాలి. బయటి అంచు ఆవరణ మట్టి కంటే కాస్త పైనుండాలి. పూలమొక్కల కోసం అక్కడ మట్టి ఎత్తుగా పోస్తే ఇచ్చిన వాటమంతా వృథా.

ఈశాన్యం మాట మాత్రం ఒప్పుకుంటాను. మన జిల్లాల్లో నేల మొత్తం మీద తూర్పున సముద్రం వైపుకే వాలి ఉంటుంది గనుక చాలా స్థలాలకు అది సరిపోతుంది. కాని వీధి కాలువ దక్షిణాన ఉండి, ఈశాన్యాన పొరుగువారి ప్రహరీ ఉంటే నీరు ఆ మూలనే నిలుస్తుంది. అలాంటి చోట వాటం కాలువ వైపుకే ఇవ్వాలి. ముందుగా అదే నీళ్ల గొట్టంతో కాలువ అడుగు మట్టం చూడండి. ఆవరణ దానికంటే పల్లంగా ఉంటే, బేస్‌మట్టం లేపకముందే గరుసు తోలించి ఆవరణంతా ఎత్తు చేయక తప్పదు.